పేరుకు కన్సల్టెంట్, పనికి ఉద్యోగి: ఏ ఖర్చు తీసేయొచ్చు, ఏది జీతం?

స్వచ్ఛంద సంస్థల్లో, పరిశోధనా ప్రాజెక్టుల్లో, సర్వేల్లో పనిచేసే మన పిల్లల్లో చాలామందికి అపాయింట్‌మెంట్ ఆర్డరు ఉండదు. కన్సల్టెన్సీ ఒప్పందం ఉంటుంది. నెలకు పాతిక వేలు అని మాట్లాడుకుంటారు, చేతికి ఇరవై రెండు వేల ఐదు వందలు వస్తాయి. కోసిన రెండున్నర వేలు పన్ను కింద పోయాయనుకుని ఊరుకుంటారు. తిరిగే బస్సు ఖర్చు, ఫోను, లాప్‌టాప్ అన్నీ సొంత జేబులోంచే. పీఎఫ్ లేదు, జీతంతో కూడిన సెలవు లేదు.

ఇక్కడ రెండు ప్రశ్నలున్నాయి. ఈ డబ్బు ఆదాయపు పన్ను చట్టం దృష్టిలో జీతమా, వృత్తి ఆదాయమా? వృత్తి ఆదాయమైతే పని కోసం పెట్టిన ఖర్చుల్లో వేటిని అందులోంచి తీసేయొచ్చు? ఈ రెండింటినీ కలిపి చూడాలి. ఎందుకంటే ఖర్చులు తీసేసుకునే హక్కు వృత్తి ఆదాయానికే ఉంది. జీతగాడికి అలాంటి హక్కు లేదు, స్టాండర్డ్ డిడక్షన్ పేరుతో ఒక నిర్ణీత మొత్తం మాత్రమే తగ్గుతుంది. కొత్త పన్ను విధానంలో అది 75,000 రూపాయలు.

ఒక ముందుమాట. 2026 ఏప్రిల్ 1 నుంచి 1961 నాటి చట్టం స్థానంలో ఆదాయపు పన్ను చట్టం 2025 అమల్లోకి వచ్చింది, సెక్షన్ల నంబర్లు మారాయి. మేము ఇక్కడ ఇచ్చే నంబర్లు, మొత్తాలు 2025-26 ఆర్థిక సంవత్సరానివి. ఆ ఏడాది రిటర్నుకు పాత చట్టమే వర్తిస్తుంది.

పేరు కాదు, సంబంధం ముఖ్యం

జీతం అనాలంటే ఇచ్చేవారికీ పుచ్చుకునేవారికీ మధ్య యజమాని-ఉద్యోగి సంబంధం ఉండాలి. అది లేకపోతే నెలనెలా ఒకే మొత్తం వచ్చినా అది జీతం కాదు. అది ఉంటే, కాగితం మీద 'కన్సల్టెంట్' అని రాసినా, 'గౌరవ వేతనం' అని రాసినా అది జీతమే.

ఆ సంబంధాన్ని ఎలా గుర్తుపట్టాలన్న విషయంలో మన ప్రాంతం నుంచే సుప్రీంకోర్టుకు వెళ్లిన ఒక కేసు ఉంది. సిల్వర్ జూబిలీ టైలరింగ్ హౌస్ కేసు, 1973లో తీర్పు వచ్చింది. తెలంగాణ ప్రాంత దుకాణాలు, సంస్థల చట్టం కింద మొదలైన వివాదం అది. దర్జీలకు కుట్టిన బట్టను బట్టి కూలి. కొందరు ఇంటికి తీసుకెళ్లి కుట్టేవారు. వేరే దుకాణాల పని చేయడానికీ అడ్డు లేదు. కాబట్టి వీళ్లు మా ఉద్యోగులు కారు అన్నది దుకాణం వాదన. కోర్టు ఒప్పుకోలేదు. కుట్టు మిషన్లు దుకాణానివి. కుట్టింది బాగా లేకపోతే తిప్పికొట్టి మళ్లీ కుట్టమనే అధికారం దుకాణానిది. ఇలాంటివన్నీ కలిపి చూసి వాళ్లు ఉద్యోగులేనని తేల్చింది. ఇందులో మనం పట్టుకోవలసింది ఒక్కటే: ఏ ఒక్క లక్షణమూ తేల్చదు, మొత్తం పని తీరును చూస్తారు.

అది కార్మిక చట్టం కేసు. పన్ను కేసుల్లోనూ చూపు ఇదే పద్ధతిలో సాగుతుంది. కార్పొరేట్ ఆసుపత్రుల్లోని కన్సల్టెంట్ డాక్టర్ల విషయంలో టీడీఎస్ వివాదాలు ఆంధ్రప్రదేశ్, కర్ణాటక హైకోర్టుల దాకా వెళ్లాయి. పీఎఫ్, గ్రాట్యుటీ, సెలవుల నిబంధనలు వాళ్లకు వర్తిస్తున్నాయా, బయట ప్రాక్టీసు చేసుకునే వీలుందా లాంటి ప్రశ్నలు వేసి చూశారు. అవి లేని డాక్టర్లకు వచ్చేది వృత్తి ఆదాయమేనన్నారు.

కాబట్టి మన ఒప్పందాన్ని చేతిలో పెట్టుకుని వేసుకోవలసిన ప్రశ్నలు ఇవి. ఏం చేయాలో మాత్రమే చెబుతున్నారా, ఎలా, ఎప్పుడు, ఎక్కడ కూర్చుని చేయాలో కూడా చెబుతున్నారా? పనిముట్లు ఎవరివి? సెలవు కావాలంటే అనుమతి అడగాలా? వేరే సంస్థ పని తీసుకోవచ్చా? మన బదులు ఇంకొకరిని పంపి పని చేయించవచ్చా? పని పాడైతే నష్టం ఎవరిది? డబ్బు నెలకా, పూర్తిచేసిన పనికా?

ఒక ఏడాది, రెండు రకాల డబ్బు

లెక్క అర్థం కావడానికి ఒక ఊహా ఉదాహరణ తీసుకుందాం. హైదరాబాదులో ఉంటున్న ఒక యువతి. ఒక సంస్థతో 12 నెలల కన్సల్టెన్సీ ఒప్పందం, నెలకు 25,000, ఏడాదికి 3,00,000. రోజూ పది నుంచి ఆరు దాకా ఆఫీసులో ఉండాలి. కంప్యూటరు ఆఫీసుది. సెలవు కావాలంటే కోఆర్డినేటరుకు మెయిల్ పెట్టాలి. రాత్రిళ్లు, శని ఆదివారాలు ఆమె మరో రెండు సంస్థలకు అనువాదాలు, ఊళ్లలో ఇంటర్వ్యూలు చేసి ఇస్తుంది. ఒక్కో సంస్థ నుంచి 1,20,000, మొత్తం 2,40,000. ఈ పనికి లాప్‌టాప్ ఆమెది, సమయం ఆమెది, గడువుకు పని అప్పజెప్పడమే షరతు.

మూడు సంస్థలూ 194జె సెక్షన్ కింద 10 శాతం టీడీఎస్ కోశాయి. వృత్తి రుసుము ఒక సంస్థ నుంచి ఏడాదికి 50,000 దాటితే ఆ సెక్షన్ కింద కోయాలి. మొత్తం కోత 54,000.

పైన చెప్పిన ప్రశ్నలు వేస్తే అనువాదాల డబ్బు వృత్తి ఆదాయమని ఇట్టే తెలుస్తుంది. మొదటి ఒప్పందం మాత్రం వేళలు, స్థలం, పనిముట్లు, సెలవుల అనుమతి అన్నింటిలోనూ ఉద్యోగం వైపే మొగ్గుతుంది. బయటి పని చేసుకుంటోంది కదా అంటే, దర్జీల కేసులోనూ ఆ వీలుంది.

ఏ ఖర్చు తీసేయొచ్చు

చట్టంలోని 37(1) సెక్షన్ పెట్టే షరతు తేలికైనదే. ఖర్చు పూర్తిగా ఆ వృత్తి కోసమే అయి ఉండాలి, సొంత ఖర్చు కాకూడదు, ఏళ్ల తరబడి వాడుకునే ఆస్తి కొనడం కాకూడదు. అలాంటి ఆస్తికి ఏటా తరుగుదల రూపంలో కొంత కొంత తీసుకోవాలి. ఒకే వస్తువును పనికీ ఇంటికీ వాడితే పని వంతు మాత్రమే వస్తుంది.

ఆమె వృత్తి పనికి పెట్టిన ఖర్చుల్ని ఒక్కొక్కటిగా చూద్దాం. ఇంటర్వ్యూల కోసం ఊళ్లకు తిరిగిన బస్సు, ఆటో, బస ఖర్చులు 38,000. ఇవి పూర్తిగా వస్తాయి, కానీ ఒక షరతు. ఆ ప్రయాణ ఖర్చును సంస్థ బిల్లులు తీసుకుని విడిగా తిరిగి ఇచ్చి ఉంటే మళ్లీ ఇక్కడ తీసేయకూడదు. రుసుములోనే కలిసి ఉంటే తీసేయొచ్చు. ఇంటర్వ్యూల ఆడియో విని రాసిపెట్టిన ఇద్దరు విద్యార్థులకు ఇచ్చింది 24,000. ఇదీ పూర్తిగా వస్తుంది. ఒకే వ్యక్తికి ఒకే రోజు 10,000 దాటి నగదు ఇస్తే ఆ ఖర్చును చట్టం ఒప్పుకోదు. అందుకే ఆమె యూపీఐలో పంపింది.

ఫోను, ఇంటర్నెట్ బిల్లులు ఏడాదికి 12,000. ఇంట్లోవాళ్లతో మాట్లాడేదీ, సినిమా చూసేదీ అందులోనే ఉంది. పనికి 60 శాతం అని లెక్క కట్టి 7,200 తీసుకుంది. జూన్‌లో 55,000 పెట్టి లాప్‌టాప్ కొంది. కంప్యూటర్లకు తరుగుదల ఏడాదికి 40 శాతం, అంటే 22,000. అందులో పని వంతు 75 శాతం, 16,500. మిగతా విలువ మీద వచ్చే ఏడాది మళ్లీ తరుగుదల వస్తుంది. అదే లాప్‌టాప్ జనవరిలో కొని ఉంటే ఆ ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడినట్టవుతుంది కాబట్టి సగం తరుగుదలే వచ్చేది.

అద్దె నెలకు 8,000, ఏడాదికి 96,000. రెండు గదులు, వంటిల్లు ఉన్న పోర్షను. మూడో వంతు స్థలం పనికే కేటాయించింది, 32,000 తీసుకుంది. ఒకే గదిలో నలుగురు ఉంటూ మంచం మీద కూర్చుని పనిచేసేవాళ్లు ఇలాంటి వంతు చూపించి నిలబెట్టుకోవడం కష్టం. వంతు ఎంతైనా, ఎందుకంత అని అడిగితే చెప్పగలగాలి.

మొత్తం 1,17,700 రూపాయలు. 2,40,000 లోంచి ఇది పోతే వృత్తి లాభం 1,22,300.

రానివేమిటో కూడా చెప్పుకోవాలి. ఇంట్లో తిండి, మామూలు బట్టలు, పీహెచ్‌డీ ఫీజు, ఊరికి పంపిన డబ్బు, ట్రాఫిక్ జరిమానా, ఆదాయపు పన్ను. కాగితం కదలడానికి ఎవరికో ఇచ్చిన లంచమూ రాదు. నేరమైన పనికి పెట్టిన ఖర్చును చట్టం ఖర్చుగా చూడదు. ఫెలోషిప్ తీసుకుంటున్న పరిశోధకులకు ఒక మాట: చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కు 10(16) సెక్షన్ కింద పన్ను లేదు. కాబట్టి దాన్ని ఈ వృత్తి రాబడిలో కలపకూడదు. కంటింజెన్సీ గ్రాంటుతో కొన్న పుస్తకాన్నీ, తిరిగిన ప్రయాణాన్నీ మళ్లీ వృత్తి ఖర్చుగా రాసుకోకూడదు.

బిల్లు ఇవ్వని చోట

మన పనుల్లో అసలు చిక్కు ఇక్కడే. మండల కేంద్రం నుంచి వాడకు వెళ్లే ఆటోవాలా రసీదు ఇవ్వడు. నగరంలో కులం అడిగి గాని ఇల్లు ఇవ్వని యజమానుల మధ్య, స్నేహితుల పేరు మీద గది తీసుకునేవాళ్లూ, అద్దె ఒప్పందం అడగడానికే భయపడేవాళ్లూ ఉన్నారు. ఖర్చు నిజమే, కాగితమే లేదు.

ప్రతి ఖర్చుకూ అచ్చు బిల్లు ఉండాలని చట్టం అనదు. ఖర్చు పెట్టామనీ, పని కోసమే పెట్టామనీ నమ్మించగల ఆధారం ఉండాలంటుంది. చిన్న ప్రయాణాలకు సొంతంగా వోచరు రాసుకోవచ్చు. తేదీ, ఎక్కడి నుంచి ఎక్కడికి, ఏ పని మీద, ఎంత ఇచ్చాం, వీలైతే పుచ్చుకున్నవారి సంతకం. అదే తేదీకి ఇంటర్వ్యూ నోట్సు, సంస్థకు పంపిన మెయిల్ ఉంటే ఆ వోచరుకు బలం వస్తుంది. అద్దెను యూపీఐలో పంపితే ఒప్పందం లేకపోయినా నెలనెలా ఒకే ఖాతాకు వెళ్లిన జాడ ఉంటుంది. గది స్నేహితురాలి పేరున ఉంటే మన వంతు ఆమె ఖాతాకు వెళ్లాలి, పంపేటప్పుడు 'అద్దె' అని రాయాలి. ఏడాది చివర కూర్చుని గుర్తు తెచ్చుకుని రాసిన వోచర్లు ఒకే సిరా, ఒకే చేతివాటంతో ఇట్టే దొరికిపోతాయి. వారం వారం రాసుకోవాలి.

సగం చూపిస్తే చాలంటారు, అందరికీ కాదు

ఇంటర్నెట్ సెంటర్లలో రిటర్నులు వేసిపెట్టేవాళ్లు తరచుగా చెప్పే మాట ఒకటుంది: రాబడిలో సగం లాభంగా చూపిస్తే చాలు, లెక్కలక్కర్లేదు. 44ఏడీఏ సెక్షన్ ఆ వీలు ఇచ్చేది నిజమే. కానీ చట్టంలో పేర్కొన్న వృత్తులకే: న్యాయ, వైద్య, ఇంజనీరింగ్, ఆర్కిటెక్చర్, అకౌంటెన్సీ, సాంకేతిక సలహా, ఇంటీరియర్ డెకరేషన్, ఐటీ, కంపెనీ సెక్రటరీ లాంటివి. సినిమా రంగంలో దర్శకులు, ఎడిటర్లు, గాయకులు, కథ, పాట, మాటల రచయితలు కూడా ఇందులో ఉన్నారు. అనువాదం, సర్వే, జర్నలిజం పేర్లు ఆ జాబితాలో లేవు. మన ఉదాహరణలోని యువతి అసలు ఖర్చులు చూపి ఐటీఆర్-3 వేయడమే క్షేమం. జాబితాలో ఉన్నవారికీ ఒక మాట: సగం పద్ధతి ఎంచుకుంటే అన్ని ఖర్చులూ, లాప్‌టాప్ తరుగుదలతో సహా, ఆ సగంలోనే కలిసిపోయినట్టు. మళ్లీ విడిగా తీసేయడం కుదరదు.

రెండు లెక్కలు పక్కపక్కన

మొదటి ఒప్పందం డబ్బును వృత్తి ఆదాయంగా చూపితే మొత్తం రాబడి 5,40,000, ఖర్చులు పోను ఆదాయం 4,22,300. దాన్ని జీతంగా చూపితే 3,00,000 లోంచి 75,000 పోయి 2,25,000. దానికి వృత్తి లాభం 1,22,300 కలిపితే 3,47,300. కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి రిబేటు ఉంది కాబట్టి రెండు దారుల్లోనూ పన్ను సున్నా. కోసిన 54,000 మొత్తం వాపసు రావాలి. రిటర్ను వేస్తేనే వస్తుంది. అసలు ఏడాదిలో టీడీఎస్ 25,000 గానీ అంతకుమించి గానీ కోసి ఉంటే ఆదాయం ఎంత తక్కువైనా రిటర్ను వేయడం తప్పనిసరి. గడువు దాటినా 2025-26 రిటర్నును 2026 డిసెంబరు 31 దాకా, ఆలస్యపు రుసుముకు లోబడి, వేయొచ్చు.

పన్నే లేనప్పుడు ఖర్చుల లెక్క ఎందుకు? రిటర్నులో కనిపించే ఆదాయం పన్నుకే పనికొచ్చేది కాదు. ఎస్సీ విద్యార్థుల నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు. ఆమె దరఖాస్తు చేయాలనుకుందనీ, నాన్న ఆదాయం 3,50,000 అనీ అనుకోండి. ఖర్చులు తీయకుండా 5,40,000 చూపితే కుటుంబం 8,90,000తో గీత దాటిపోతుంది. తన జేబులోంచి పోయిన 1,17,700 తీసి చూపితే 7,72,300. రాబడిని ఆదాయమని రాసిన ఒక్క గడి ఆమె చదువును అడ్డుకోగలదు.

ఆదాయం పెరిగినప్పుడు పన్ను తేడా కూడా పెద్దదే. 13 లక్షల రాబడి ఉన్న ఫ్రీలాన్సర్ ఖర్చులేమీ చూపకపోతే కొత్త విధానంలో సెస్సుతో కలిపి 78,000 కట్టాలి. ఆధారాలున్న 1,60,000 ఖర్చు తీసేస్తే ఆదాయం 11,40,000 అవుతుంది, పన్ను సున్నా. వృత్తి ఖర్చులు కొత్త, పాత విధానాలు రెండింటిలోనూ వస్తాయి. కొత్త విధానంలో ఏ మినహాయింపూ లేదనే మాట 80సి లాంటి వాటి గురించి, వీటి గురించి కాదు.

ఎక్కడ తప్పు జరుగుతుంది

రిటర్ను వేసేముందు పోర్టల్‌లో ఫారం 26ఏఎస్ తెరిచి ప్రతి చెల్లింపు పక్కన ఉన్న సెక్షన్ చూడాలి. 192 అంటే సంస్థ దాన్ని జీతంగా చూపింది, ఫారం 16 ఇస్తుంది. 194జె అంటే వృత్తి రుసుముగా చూపింది, ఫారం 16ఎ ఇస్తుంది. 194జె ఉన్నవాళ్లు జీతగాళ్ల ఐటీఆర్-1 వేయడం తరచుగా జరిగే పొరపాటు. లోపభూయిష్టమని 139(9) నోటీసు వస్తుంది, సరిదిద్దడానికి 15 రోజులిస్తారు. స్పందించకపోతే రిటర్ను చెల్లకుండా పోవచ్చు, దాంతోపాటు వాపసూ పోతుంది.

సంస్థ 194జె చూపినా మనది అసలు ఉద్యోగమే అయితే, ముందు టీడీఎస్ స్టేట్‌మెంటు సరిదిద్దమని సంస్థను రాతపూర్వకంగా అడగాలి. వాళ్లు మార్చకుండా మనం జీతంగా చూపితే పోర్టల్‌లో తేడా కనిపిస్తుంది, వివరణ అడగొచ్చు. అప్పుడు ఒప్పందం, హాజరు, సెలవుల మెయిళ్లే సాక్ష్యం. జీతంగా కోయవలసింది కోయకపోతే దానికి జవాబుదారీ సంస్థ. అలాగే, ఉద్యోగమని తెలిసిన డబ్బులోంచి అద్దె, ప్రయాణం తీసేయడం మనవైపు తప్పు. కన్సల్టెంట్ అన్న పేరు సంస్థకు ఉద్యోగ బాధ్యతను తప్పించనట్టే, మనకు లేని ఖర్చుల హక్కునూ ఇవ్వదు.

మన ఉదాహరణలో రెండు దారుల్లోనూ పన్ను ఒకటే అయినప్పుడు నష్టం ఎక్కడుందో గమనించాలి. పన్నెండు నెలలు ఉద్యోగిలా పనిచేసి ఆమె పోగొట్టుకున్నది పీఎఫ్‌లో యజమాని వాటా, జీతంతో కూడిన సెలవు, ప్రసూతి ప్రయోజనం, ఉద్యోగ అనుభవ పత్రం. హక్కుల కోసం పనిచేసే సంస్థలూ ఇలాంటి ఒప్పందాలు ఇస్తున్నాయి, సంతకం చేసేది ఎక్కువగా ఇంట్లో మొదటి తరం చదువుకున్నవాళ్లు. ఒప్పందం, హాజరు జాబితా, సెలవు అడిగిన మెయిల్, ఆఫీసు ఇచ్చిన గుర్తింపు కార్డు ఫోటో దాచుకోండి. పన్ను అధికారి అడిగినా, పీఎఫ్ అధికారి ముందుకు మనమే వెళ్లినా చూపించవలసినవి ఆ కాగితాలే.